ఇరవై లక్షల కాగితం

రిజైన్ చేసిన డెబ్భయ్యో రోజున మా మేనేజర్ నన్ను గాజు గదిలోకి పిలిచారు. 2022 మార్చి నెల. మా నోటీస్ పీరియడ్ తొంభై రోజులు. ఇంకో ఇరవై రోజులు గడిస్తే కొత్త ఆఫీసులో చేరిపోతాను. అప్పటికే సగం సామాను ఇంటికి చేర్చేశాను కూడా.

"చూడమ్మా, నీకోసం పైవాళ్లతో పోట్లాడి తెచ్చాను" అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. సీటీసీ ఇరవై లక్షలు. అప్పటికి నాది పద్నాలుగు. కొత్త కంపెనీ ఇస్తానన్నది పంతొమ్మిది. అబద్ధమెందుకు, కళ్లు చెమర్చాయి. ఐదేళ్లు పనిచేసినా ఎవరూ నా విలువ గుర్తించలేదనుకున్నాను, ఇదిగో గుర్తించారు అనిపించింది. రిజైన్ చేస్తే తప్ప ఆ విలువ ఎందుకు కనపడలేదన్న ప్రశ్న ఆ గదిలో నాకు తట్టనే లేదు.

నిజానికి నేను రిజైన్ చేసింది జీతం కోసం కాదు. నా షిఫ్ట్ మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలు. అమెరికా క్లయింట్‌తో కాల్స్ అయ్యి, క్యాబ్‌లో మియాపూర్ చేరేసరికి అర్ధరాత్రి దాటేది. నాలుగేళ్ల మా బాబు అప్పటికి నిద్రలో ఉండేవాడు. పొద్దున వాడిని స్కూలుకి పంపే గంటన్నరే మా ఇద్దరికీ మిగిలేది. అన్నం పెట్టడం, కథ చెప్పి పడుకోబెట్టడం అన్నీ మా అత్తయ్యే. కొత్త ఉద్యోగం పగటి పూట. అదే దాని అసలు విలువ.

ఆ మాటే మేనేజర్‌కి చెప్పాను. "అదెంతసేపు! ఏప్రిల్‌లో గో-లైవ్ అయిపోనీ, జూన్ నుంచి నిన్ను డే షిఫ్ట్ టీమ్‌లోకి మార్చేస్తా" అన్నారు. "సార్, అది కూడా లెటర్‌లో రాయిస్తారా?" అని అడిగాను. ఆయన ముఖం చిన్నబోయింది. "షిఫ్టులూ అవీ హెచ్‌ఆర్ వాళ్లు లెటర్‌లో రాయరమ్మా. నా మాట మీద నమ్మకం లేదా?" అన్నారు. నాకు సిగ్గేసింది. ఇంత చేసిన మనిషిని కాగితం అడిగానే అనుకుని ఊరుకున్నాను. ఒక మెయిల్‌లో రెండు లైన్లు రాయండి సార్, చాలు అని ఉండాల్సింది. దానికీ తప్పుకుంటే నాకు అక్కడే సంగతి అర్థమయ్యేది.

ఒప్పుకున్నాను. కొత్త కంపెనీకి, వ్యక్తిగత కారణాల వల్ల రాలేకపోతున్నానని మెయిల్ పెట్టాను. మూడు నెలలు నాకోసం ఆగినవాళ్లు 'ఓకే' అని ఒక్క ముక్కతో జవాబిచ్చారు.

మా ఆయన ఆ ఇరవై లక్షల లెటర్ తీసి లెక్క వేసింది, నేను సంతకం చేసిన వారానికి. పని ఒత్తిడిలో ముందు ఇద్దరం కూర్చోలేదు. ఇరవైలో నెలనెలా వచ్చే ఫిక్స్‌డ్ పే పదహారు లక్షలే. రెండు లక్షలు వేరియబుల్, అంటే ఏడాది చివర కంపెనీ లాభాలూ నా రేటింగూ బాగుంటే వచ్చేది. మిగిలిన రెండు లక్షలు రిటెన్షన్ బోనస్. కొత్త కంపెనీవాళ్ల పంతొమ్మిదీ పూర్తిగా ఫిక్స్‌డ్. పీఎఫ్, పన్ను అన్నీ పోను వాళ్ల దగ్గరైతే నెలకి లక్షా పద్దెనిమిది వేల దాకా చేతికొచ్చేది. ఇక్కడ లక్షా రెండు వేలు. కాగితం మీద లక్ష ఎక్కువ, బ్యాంకులో నెలకి పదహారు వేలు తక్కువ. సీటీసీ అంకె పక్కన పెట్టి, నెలకి చేతికొచ్చేదెంతని అడిగుంటే ఆ గాజు గదిలోనే తేలిపోయేది.

రిటెన్షన్ బోనస్ కథ ఇంకొకటి. ఏప్రిల్ జీతంతో పాటు వేశారు. ముప్ఫై శాతం పన్ను, దాని మీద సెస్సు కలిపి 62,400 కోసేసి, 1,37,600 ఇచ్చారు. పద్దెనిమిది నెలల్లోపు మానేస్తే తిరిగి కట్టాలని లెటర్‌లో ఉంది. ఎంత కట్టాలి? నా చేతికొచ్చింది కాదు, పూర్తి రెండు లక్షలు. వాళ్లు కోసి ప్రభుత్వానికి కట్టిన పన్ను కూడా నేనే తిరిగివ్వాలన్నమాట. ఆ వాక్యం రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో కాదు, మామూలు అక్షరాల్లోనే ఉంది. చదవనిది నేను.

జూన్ వచ్చింది. గో-లైవ్ వాయిదా పడింది. ఆగస్టులో మా మేనేజర్‌నే వేరే ప్రాజెక్టుకి మార్చేశారు. కొత్తాయన దగ్గరికెళ్లి డే షిఫ్ట్ సంగతి అడిగితే, "నాకెవరూ అలాంటిదేం చెప్పలేదే" అన్నాడు. పాత మేనేజర్ మోసం చేశారని నేననను. ఆ రోజు ఆ మాట మనస్ఫూర్తిగానే అని ఉంటారు. కాకపోతే మూడు నెలల నోటీసులో డెబ్భై రోజులు వెతికినా నా స్థానంలోకి మనిషి దొరకలేదు, గో-లైవ్ నెత్తిమీదుంది. ఆయన అవసరం ఏప్రిల్ దాకా, నా అవసరం మా బాబు పెద్దయ్యేదాకా.

2023 ఇంక్రిమెంట్లలో నాకు మూడు శాతం వచ్చింది. అడిగితే "మీకు పోయినేడాదే కరెక్షన్ చేశారు కదండీ" అన్నారు. రెండేళ్ల ఇంక్రిమెంట్లు ముందే ఒకేసారి ఇచ్చేశారని అప్పుడర్థమైంది.

అలాగని కౌంటర్ ఆఫర్ వస్తే తలుపేసుకోమని చెప్పలేను. మా పక్క టీమ్‌లో ఒకబ్బాయి అదే ఏడాది ఒప్పుకుని హాయిగా ఉన్నాడు. అతని బాధ ఒక్కటే, కొత్తగా చేరినవాళ్లకి తనకన్నా ఎక్కువ జీతం. టీమూ పనీ టైమూ అన్నీ ఇష్టమే. కంపెనీ ఆ తేడాని పూర్తిగా ఫిక్స్‌డ్ పేలోనే సరిచేసింది, తిరిగి కట్టాల్సిన బోనస్ ఏదీ లేదు. పైగా అప్పటికి అతనికి సర్వీసు నాలుగేళ్ల రెండు నెలలు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. నలభై వేల బేసిక్‌ని 26తో భాగించి, 15తోనూ ఐదేళ్లతోనూ హెచ్చవేస్తే లక్షా పదిహేను వేల పైచిలుకు. ఆ పది నెలలు ఆగడం అతనికి లాభమే. అతని సమస్య డబ్బు, వాళ్లిచ్చిందీ డబ్బే. నా సమస్య రాత్రి పన్నెండు, నాకిచ్చింది కూడా డబ్బే.

2023 సెప్టెంబరు ఆఖరుకి నా పద్దెనిమిది నెలలు పూర్తయ్యాయి. మధ్యలో వెళ్లిపోదామని రెండుసార్లు అనుకున్నాను గానీ, రెండు లక్షలు ఒకేసారి కట్టడం మా వల్ల కాలేదు. ఈలోగా మార్కెట్ చల్లబడింది. నన్ను అప్పట్లో పిలిచిన కంపెనీకి మళ్లీ అప్లై చేస్తే, ఫోన్ చేసిన అమ్మాయి మర్యాదగానే "మీరు ఒకసారి ఆఫర్ యాక్సెప్ట్ చేసి రాలేదని మా రికార్డులో ఉంది మేడమ్" అంది. ఆ తర్వాత కబురు లేదు. చివరికి వేరేచోట పద్దెనిమిది లక్షలకి, పగటి ఉద్యోగం దొరికింది. ఏడాదిన్నర క్రితం కాదనుకున్నదానికన్నా లక్ష తక్కువ.

అక్టోబరులో రిజైన్ చేశాను. అదే గాజు గదికి పిలిచారు. ఈసారి మెయిల్‌లో ఏమేం రాయించుకోవాలో ఫోన్‌లో రాసుకుని మరీ వెళ్లాను. కొత్త మేనేజర్ ల్యాప్‌టాప్ తిప్పలేదు. ఆ నెలలో మా ఫ్లోర్‌లోనే ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

"నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ ఎవరికివ్వాలో రేపు చెప్తాను. నోటీస్ తగ్గించమంటారా?" అని అడిగాడు.

"తగ్గించండి" అన్నాను. ముప్ఫై రోజుల్లో వదిలేశారు. డిసెంబర్లో ఒక రాత్రి తొమ్మిదింటికి బాబుకి కథ చెబుతుంటే, వాడు మధ్యలో ఆపి, "నానమ్మ ఇలా చెప్పదు" అని మొత్తం మళ్లీ మొదటినుంచి చెప్పించుకున్నాడు.