బోర్డు మీది ఫీజు, స్టీరింగ్ మీది నిమిషాలు

మావారికి వరంగల్ బదిలీ అయ్యాక మా కారు సెల్లార్‌లోనే ఉంటోంది. వారానికి ఒకసారి ఆయన వచ్చినప్పుడే కదులుతుంది. అత్తయ్యకు తుంటి ఆపరేషన్ అయ్యి, వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. ఆవిడ ఆటోలోకి వంగి ఎక్కలేరు. క్యాబ్ బుక్ చేస్తే, వచ్చే దూరం చూసి డ్రైవరే క్యాన్సిల్ చేస్తాడు. ఇక నేనే నేర్చుకోవాలనుకున్నాను. చీటీ పాడగా వచ్చిన డబ్బులో పదివేలు దీనికని పక్కన పెట్టాను. అందులోనే లైసెన్సు చేతికి రావాలి.

మా చిక్కడపల్లిలోనూ, ఇటు నారాయణగూడలోనూ, అటు అశోక్‌నగర్‌లోనూ డ్రైవింగ్ స్కూళ్ళకు కొదవ లేదు. మూడు చోట్ల ఒక్కొక్కటి ఎంచుకుని వెళ్ళి అడిగాను. చిక్కడపల్లిలో గేర్ల చిన్న కారు మీద ఇరవై క్లాసులు, 5,500. నారాయణగూడలో అలాంటి కారే, పదిహేను క్లాసులు, 4,500. అశోక్‌నగర్‌లో ఆటోమేటిక్ కారు, పది క్లాసులు, 8,000. ఇలా వింటే ఎవరికైనా నారాయణగూడే చవక అనిపిస్తుంది. మా పక్కింటి వదిన కూడా అదే అంది.

కానీ క్లాసు అంటే ఎంతసేపో అడగకుండా ఈ అంకెలను పోల్చలేం. అశోక్‌నగర్‌లో క్లాసు గంట. మిగతా రెండు చోట్లా అరగంట. అంటే చిక్కడపల్లిలో ఇరవై క్లాసులు పది గంటలు, అశోక్‌నగర్‌లో పది క్లాసులూ పది గంటలే. నారాయణగూడలో ఏడున్నర గంటలు. పైగా ఆ అరగంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా చూడాలి. డబ్బు కట్టకముందే ఒక్క ట్రయల్ క్లాసు అడిగి, ఫోన్లో టైమ్ చూసుకున్నాను. నారాయణగూడ వాళ్ళు ముందు క్లాసు అమ్మాయిని ఆవిడ ఇంటి దగ్గర దింపి, అప్పుడు నాకు సీటు ఇచ్చారు. ఆ దింపడం నా అరగంటలోనే. నా చేతికి స్టీరింగ్ వచ్చింది ఇరవై నిమిషాలు. ఆ లెక్కన పదిహేను క్లాసులకు అయిదు గంటలు. చిక్కడపల్లి వాళ్ళు మా గేటు ముందుకే కారు తెచ్చి, అక్కడే నాకు తాళం ఇచ్చి, అక్కడే దిగమన్నారు. ముప్ఫై అంటే ముప్ఫై.

ఇప్పుడు గంటకు ఎంతో చూడండి. చిక్కడపల్లి 550, అశోక్‌నగర్ 800, నారాయణగూడ 900. బోర్డు మీద అన్నిటికంటే చవకైనదే స్టీరింగ్ మీద అన్నిటికంటే ఖరీదైంది.

ఈ పది గంటలు నేను ఊరికే పెట్టుకున్న అంకె కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో సొంత కారు నేర్చుకునేవాళ్ళకు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదనీ, అసలు బండి నడిపింది పది గంటలకు తగ్గకూడదనీ ఉంది. ఎవరు ఎన్ని గంటలు నడిపారో స్కూలు ఒక రిజిస్టర్లో రాయాలి. దాని పేరు ఫారం 15. "నా గంటలు అందులో రాస్తారా అండీ?" అని అడిగితే, చిక్కడపల్లి ఆయన "రాస్తాం మేడమ్, రోజూ మీ సంతకం కూడా ఉంటుంది" అని పుస్తకం తెరిచి చూపించారు. ఇంకోచోట "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్" అన్నారు. ఆ జవాబులోనే నాకు సగం తేడా తెలిసిపోయింది.

తర్వాతది పరీక్ష ఖర్చు. కారుకు ప్రభుత్వ ఫీజు పెద్దది కాదు. లెర్నర్ లైసెన్సుకు 150, దాని పరీక్షకు 50, డ్రైవింగ్ టెస్టుకు 300, లైసెన్సుకు 200. మొత్తం 700. దానిమీద సర్వీసు చార్జీ, కార్డు, పోస్టు ఖర్చులు కొంత. ఇవి మనమే రవాణాశాఖ వెబ్‌సైట్‌లో కట్టి స్లాట్ తీసుకోవచ్చు. నారాయణగూడ వాళ్ళు "లైసెన్సు ప్యాకేజీ" 3,000 అన్నారు. అందులో ప్రభుత్వానికి పోయేది తీసేస్తే మిగిలింది ఫారాలు నింపినందుకూ, టెస్టు రోజు కారు ఇచ్చినందుకూ. చిక్కడపల్లిలో టెస్టు రోజు కారుకు 1,000. అశోక్‌నగర్‌లో అది ఫీజులోనే కలిసి ఉంది. టెస్టు ట్రాక్ నాగోల్‌లో. మన కారైనా తీసుకెళ్ళవచ్చు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు సరిగ్గా ఉండాలి. లెర్నర్ లైసెన్సుతో మనం నడిపేటప్పుడు పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి కనుక, ఆ రోజు ఎవరైనా తోడు రావాలి. టెస్టు మామూలు రోజున పడితే మావారికి సెలవు దొరకదు. అందుకే నేను ఆ వెయ్యి లెక్కలో వేసుకున్నాను.

నాలుగోది అదనపు క్లాసులు. చేరేటప్పుడు ఎవరూ అడగరు, చివర్లో అందరికీ అవసరమవుతాయి. చిక్కడపల్లిలో అదనపు అరగంట 350. నారాయణగూడలో గంట 800. అక్కడ నాకు పది గంటలు నిండాలంటే ఇంకో అయిదు గంటలు, అంటే 4,000 కావాలి. అన్నీ కలిపి కాగితం మీద వేస్తే, పది గంటలు నేర్చుకుని టెస్టుకు వెళ్ళేసరికి చిక్కడపల్లి 7,200, అశోక్‌నగర్ 8,700, నారాయణగూడ 11,500 తేలింది. ఆ కాగితం చూసి వదిన "అమ్మో" అంది.

అశోక్‌నగర్ వైపు కూడా మనసు లాగింది. ఆటోమేటిక్ మీద క్లచ్ బెడద ఉండదు. కారు లైసెన్సు ఒకటే, దాని మీద పాసైనా గేర్ల కారు నడపడానికి చట్టం అడ్డు చెప్పదు. కానీ మా సెల్లార్‌లో ఉన్నది గేర్ల కారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సిగ్నల్లో అత్తయ్యను కూర్చోబెట్టుకుని క్లచ్ ఎలా వదలాలో అప్పుడు నేర్చుకోలేను కదా! ఇంట్లో ఆటోమేటిక్ ఉన్నవాళ్ళకు అశోక్‌నగర్ ఫీజు ఎక్కువేం కాదు. ఎవరింట్లో ఉన్న కారును బట్టి వాళ్ళ లెక్క.

చిక్కడపల్లిలో చేరాను. పొద్దున్న ఆరు గంటల బ్యాచ్ అడిగి తీసుకున్నాను. తొమ్మిదింటికైతే అదే అరగంటలో నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా వెళ్ళి రావడమే గగనం. ఆరింటికి ఇందిరాపార్కు దగ్గర స్టీల్ బ్రిడ్జి ఎక్కి, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా కదిలించడం రెండు రోజుల్లో పట్టుబడింది. రెండువారాలు దాటాక పది నిమిషాలు ట్రాఫిక్ ఉన్న వేళకు మార్చమన్నాను, ఆ అలవాటు కూడా కావాలి కనుక.

లెర్నర్ వచ్చిన ముప్ఫై రోజులకు గానీ టెస్టు పెట్టరు. నా ఇరవై క్లాసులు దానికి వారం ముందే అయిపోయాయి. అందుకని అదనపు క్లాసులు నాలుగు ఆ వారానికే అట్టేపెట్టుకున్నాను. నాలుగూ రివర్స్‌కే, హెచ్ ఆకారంలో వెనక్కి నడపడానికే. ఒకవేళ ఫెయిలైతే ఏడు రోజులు ఆగి మళ్ళీ 300 కట్టాలి, కారుకు మళ్ళీ వెయ్యి. దానితో పోలిస్తే 1,400 పెట్టి ప్రాక్టీసు చేయడమే నాకు నయం అనిపించింది. మొత్తం 8,600 అయింది. పదివేలలో మిగిలినదాంతో సర్వీసు చార్జీలు పోను, కారు వెనక అద్దానికి "ఎల్" స్టిక్కరూ, అత్తయ్య నడుముకు ఒక దిండూ కొన్నాను.

మీరు కనుక్కునేటప్పుడు ఫీజు ఎంత అని మొదట అడగకండి. తాళం నా చేతికి ఎక్కడ ఇస్తారు, ఎక్కడ తీసుకుంటారు, అదనపు క్లాసు ఎంత, టెస్టు రోజు కారు ఎవరిది, ఈ నాలుగూ అడగండి. ఫీజు చివర్లో అడిగితే చాలు.