బాబాయ్ పంపని ఫైలు

మంగళగిరి గాలిగోపురానికి నాలుగడుగుల దూరంలో నాది సెల్‌ఫోన్ రిపేరు షాపు. పన్నెండేళ్లుగా పగిలిన స్క్రీన్లు, అరిగిన ఛార్జింగ్ పిన్నులే నా పని. ఈమధ్య మాత్రం కొందరు ఫోన్ చేతికిచ్చి, పక్కవాళ్లకు వినపడకుండా "ఇందులో ఏదో ఎక్కింది, చూడు బాబూ" అంటున్నారు. ఎప్పుడు ఎక్కిందంటే మూడు రోజులైంది, నాలుగు రోజులైంది అని చెబుతారు. ఆ రోజుల్లోనే డబ్బు పోయి ఉంటుంది.

2025 ఆగస్టు 2న దర్శి మండలంలో అన్నదాత సుఖీభవ మొదలుపెట్టారు. రాష్ట్రం ఇచ్చే 5,000, పీఎం కిసాన్ 2,000 కలిపి రైతు ఖాతాలో 7,000 పడ్డాయి. డబ్బు పడినవాళ్లు, పడనివాళ్లు అందరూ ఫోన్లు చూసుకుంటున్న ఆ వారంలోనే మా కుటుంబం గ్రూపులోకి ఒక ఫైలు వచ్చింది. పేరు PM KISAN YOJANA.apk. "మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి" అని కింద రాసి ఉంది. వచ్చింది ప్రత్తిపాడు వైపు మిరప, పత్తి వేసే మా బాబాయ్ నంబరు నుంచి.

హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడొకడు వెంటనే "బాబాయ్, చూసుకుని పంపొచ్చుగా, అందరి కొంపలూ ముంచుతావా" అని పెట్టాడు. దాని కింద ఇద్దరు నవ్వే బొమ్మలు పెట్టారు.

నేను గ్రూపులో ఏమీ రాయకుండా ముందు బాబాయ్‌కి మామూలు కాల్ చేశాను. "నేనేం పంపలేదురా, పొద్దుట్నుంచీ చేలోనే ఉన్నా" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ముందురోజు ఇంకో గ్రూపులో వచ్చిన అదే ఫైలును నొక్కాడు. ఫోన్ "తెలియని చోటి యాప్" అని హెచ్చరించినా పథకం యాప్ కదా అని అనుమతించాడు. అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగితే అదీ ఇచ్చాడు. అక్కడి నుంచి ఆయనకొచ్చే ఓటీపీలన్నీ దొంగల చేతికి వెళ్తాయి. ఆ ఓటీపీతోనే ఆయన వాట్సాప్‌ను తమ దగ్గర తెరుచుకుని, ఉన్న గ్రూపులన్నిట్లోకీ ఫైలును వదులుతారు. పంపిన మనిషి పేరు పైన కనిపిస్తుంది గానీ పంపింది ఆ మనిషి కాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మా తమ్ముడు ఆ మాట అనేవాడు కాదు.

"డేటా, వైఫై ఆపెయ్ బాబాయ్, పిన్ని ఫోన్ నుంచి 1930కి చెయ్యి, బ్యాంకుకీ చెప్పు" అన్నాను. ఆ ఫైలును స్క్రీన్‌షాట్ తీసుకుని, అడ్మిన్‌ని కాబట్టి అందరికీ తీసేశాను. తర్వాత గ్రూపులో ఇలా పెట్టాను:

"ఇందాక వచ్చిన ఫైలు బాబాయ్ పంపింది కాదు, ఆయన నంబరును దొంగలు వాడుకున్నారు. నిజంగానే డబ్బులు పడుతున్న వారం కాబట్టి ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది. చివర .apk అని ఉన్నదేదీ నొక్కవద్దు. పీఎం కిసాన్ వివరాలు pmkisan.gov.in లోనే చూసుకోండి. ఇప్పటికే నొక్కినవాళ్లు డేటా ఆపి, ఇంకో ఫోన్ నుంచి నాకు కాల్ చేయండి. ఇక్కడ చెప్పక్కర్లేదు, ఎంత రాత్రయినా ఫర్వాలేదు."

తమ్ముడికి విడిగా ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వాడే తన మెసేజ్ తీసేసి, బాబాయ్‌తో మాట్లాడాడు.

రాత్రి పదింటికి దుగ్గిరాల పెద్దమ్మ కాల్ చేసింది. "నేనూ నొక్కాన్రా. వాడు బాబాయ్‌ని అలా అనేసరికి చెప్పడానికి నోరు రాలేదు" అంది. అప్పటికి డబ్బేమీ పోలేదు. బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించాం. పొద్దున్నే ఆమె ఫోన్ షాపుకి తెప్పించాను. ఆ యాప్ బొమ్మ తెరమీద లేదు. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిస్తే ఎస్సెమ్మెస్ అనుమతితో కూర్చుని ఉంది. తీసేయబోతే డివైస్ అడ్మిన్ అంటూ అడ్డుపడింది. ఆ అధికారం తీసి, యాప్‌ను తొలగించాను. కాల్స్ ఎక్కడికైనా మళ్లించారేమోనని ##002# కొట్టాను. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూశాను. అయినా ఒకసారి అలాంటిది ఎక్కిన ఫోన్ మీద నాకు నమ్మకం ఉండదు. ఫొటోలు, నంబర్లు దాచి, మొత్తం ఫోన్ రీసెట్ చేశాకే పిన్‌లు మార్పించాను.

బాబాయ్‌కి మాత్రం 18,000 పోయాయి. మన పొరపాటు వల్ల పోయిన డబ్బు, బ్యాంకుకు చెప్పేదాకా మన నష్టమే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. రిజర్వు బ్యాంకు 2017లో పెట్టిన నియమం ఇది. ఒక వెటకారం చూసి పెద్దమ్మ ఆ రాత్రంతా నోరు మూసుకుని ఉంటే ఆ లెక్క ఎటు తిరిగేదో చూడండి.

మీ గ్రూపులోకి ఇలాంటిదొస్తే, ఆ నంబరుకు వాట్సాప్‌లో కాకుండా మామూలు కాల్ చేయండి. మొదటి మాటగా "నీ ఫోన్ బాగుందా" అని అడగండి.