మౌస్ కదలికకు మార్కులు

ఉద్యోగుల కంప్యూటర్లలో నడిచే నిఘా సాఫ్ట్‌వేర్‌ని చాలామంది ఫ్రెంచి తత్వవేత్త ఫూకో 1975 నాటి పుస్తకంలో చర్చించిన జైలుతో పోలుస్తారు. గోపురంలో కాపలాదారు ఉన్నాడో లేడో తెలియక ఖైదీ తనకు తానే కాపలా కాసుకునే జైలది. నాకు మాత్రం అదే పుస్తకంలోని ‘పరీక్ష’ అనే భావన ఇక్కడ ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది. ఉత్త చూపు మనిషిని అంతగా లొంగదీయదు. చూసినదాన్ని నమోదు చేసి, మార్కులు వేసి, పక్కవాడితో పోల్చినప్పుడే లొంగుబాటు మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ 2020లో తెచ్చిన ‘ప్రొడక్టివిటీ స్కోర్’ చేసింది అదే. ఎవరు ఎన్ని రోజులు ఈమెయిల్, చాట్ వాడారో పేర్లతో సహా సంస్థ నిర్వాహకులకు చూపించింది. విమర్శలొచ్చాక ఆ డిసెంబరులోనే పేర్లు తీసేసింది. వ్యక్తిగత నమోదే అసలు గొడవని దీన్నిబట్టి తెలుస్తుంది.

జీతమిచ్చేవాడు పని జరుగుతోందో లేదో చూసుకోకూడదా అని అడుగుతారు. తప్పకుండా చూసుకోవచ్చు. కానీ ఈ సాఫ్ట్‌వేర్ చూసేది పనిని కాదు, మీటల నొక్కుళ్లని. కాగితం మీద లెక్క తేల్చుకుంటున్న ఉద్యోగి దాని దృష్టిలో ఖాళీగా ఉన్నట్టే. అందుకే మౌస్‌ని ఊరికే కదిలించే పరికరాలు అమ్ముడవుతున్నాయి. 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు భ్రమ కల్పించారంటూ డజనుకు పైగా ఉద్యోగుల్ని తొలగించింది. వాళ్లది మోసమే అనుకున్నా, కదలికే పని అన్న కొలమానాన్ని పెట్టింది వాళ్లు కాదు. ఇంటినుంచి పనిచేస్తే ఆఫీసు గోడలుండవు కాబట్టి క్రమశిక్షణా ఉండదన్న వాదన కూడా ఇక్కడ నిలబడదు. మార్కులు వేయడానికి గోడలు అక్కర్లేదు.