రెండు క్షణాల చీకటి

రెండో మానిటర్ అప్పుడప్పుడు నల్లబడి మళ్లీ వస్తోందని ఎవరైనా చెబితే నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఆ చీకటిలో మానిటర్ కింది అంచున ఉండే చిన్న లైటు ఏమైంది? లైటు కూడా ఆరిపోయిందంటే కరెంటు దగ్గర తేడా. అడాప్టరో, వదులైన సాకెట్టో చూసుకోవాలి. లైటు వెలుగుతూనే ఉండి, బొమ్మ మాత్రం పోయి రెండు మూడు సెకన్లలో తిరిగొచ్చిందంటే మానిటర్‌కు కరెంటు అందుతోంది, కంప్యూటర్ నుంచి రావాల్సిన బొమ్మే అందడం లేదు. ఈ రెండింటినీ కలిపేసి చాలామంది ముందు స్టెబిలైజర్ కొంటారు.

నల్లపాడులో మా అక్క కూతురు పైగదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ పక్కన 27 అంగుళాల 4కె మానిటర్, మధ్యలో ఒక హెచ్‌డీఎంఐ కేబుల్. మీటింగులో ఉండగా ఆ పెద్ద తెర చటుక్కున నల్లబడుతోందని ఫోన్ చేసింది. ఒక రోజు అసలు రాదు, మరో రోజు గంటలో రెండుసార్లు. “మావయ్యా, ఇక్కడి కరెంటు సంగతి తెలుసుగా, దాని వల్లేనేమో” అంది. అప్పటికే యూపీఎస్ పెట్టించుకుంది, ఫలితం లేదు.

వెళ్లి కాసేపు పక్కనే కూర్చున్నాను. తెర నల్లబడింది. లైటు ఆరలేదు. ల్యాప్‌టాప్ తెర నిక్షేపంగా ఉంది. పెద్ద తెర నల్లగా ఉన్నంతసేపూ అందులో తెరిచిన కిటికీల్లో ఒక్కటీ ల్యాప్‌టాప్ తెర మీదకు రాలేదు, కిందికీ దిగలేదు. ఈ చివరి సంగతి చాలా విలువైనది. మానిటర్‌ను ఎవరో పీకేశారని విండోస్ అనుకుంటే, ఆ కిటికీలను ల్యాప్‌టాప్ తెర మీదకు తోసేయడమో, కిందికి దించేయడమో చేస్తుంది. అలా జరగలేదంటే ల్యాప్‌టాప్ దృష్టిలో మానిటర్ తగిలించే ఉంది, బొమ్మను పంపుతూనే ఉంది. దారిలో పాడైన బొమ్మను మానిటర్ పోల్చుకోలేకపోయింది, అంతే. ఇక రెండు తెరలూ ఒకేసారి నల్లబడి లేస్తే అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీదకు పోతుంది. డ్రైవర్ కుప్పకూలి లేచిందంటే Event Viewer లో 4101 అనే నంబరుతో గుర్తు మిగులుతుంది. ఇక్కడ అదీ లేదు.

నల్లబడే ముందు తెర మీద ఏమైనా కనబడుతోందా అని అడిగితే, “తెల్లటి చుక్కలు మిలమిలమని మెరుస్తాయి, ఎప్పుడో ఒకసారి” అంది. దాంతో కేబుల్ మీద నా అనుమానం సగం బలపడింది. హెచ్‌డీఎంఐలో బొమ్మ తాలూకు చుక్కలకు రెండో అవకాశం లేదు. ఫోనులో వీడియో చూసేటప్పుడైతే పోయిన ముక్కను మళ్లీ అడిగి తెప్పించుకునే ఏర్పాటు ఉంటుంది. ఈ తీగలో పోయింది పోయినట్టే. తప్పులు కొన్నే అయితే చుక్కలుగా మెరుస్తాయి. మరీ ఎక్కువైతే మానిటర్‌కు సంకేతంతో తాళం తప్పుతుంది. అప్పుడది తెర ఆపేసి, వస్తున్న వేగాన్ని మళ్లీ పట్టుకుని, అంతా కుదిరాక వెలుగుతుంది. ఆ రెండు మూడు సెకన్లు దానికే.

ఎంత పంపుతున్నామో లెక్క చూస్తే కేబుల్ కష్టం తెలుస్తుంది. మామూలు 1080 బొమ్మ సెకనుకు 60 సార్లు పంపాలంటే తీగలో దాదాపు 4.5 గిగాబిట్లు పోవాలి. 4కె అయితే దానికి నాలుగింతలు, 17.8 గిగాబిట్లు. ‘హై స్పీడ్’ అని ముద్రవేసి అమ్మే కేబుల్‌ను పరీక్షించేది 10.2 వరకే. పైమెట్టు ‘ప్రీమియం హై స్పీడ్’, అది 18కి. రెంటికీ కొనల్లో ప్లగ్గు ఒకటే కనుక చూపుకు తేడా తెలియదు. మా మేనకోడలు వాడుతున్నది ఎప్పుడో టీవీకి కొన్న కేబుల్. 10.2కి పరీక్షించినది 17.8 మోయదని కాదు, చాలాసార్లు మోస్తుంది. కానీ అంచు మీద మోస్తుంది.

ఆ అంచు నిజమో కాదో తేల్చుకోవడానికి కొత్త కేబుల్ కొననక్కర్లేదు. Settings లో System, Display, Advanced display కి వెళ్లి, పైన రెండో మానిటర్‌ను ఎంచుకున్నాం. (ఈ ఎంపిక మరిచి ల్యాప్‌టాప్ తెరనే మార్చి, ఏమీ తేడా రాలేదనేవాళ్లు చాలామంది.) Choose a refresh rate దగ్గర 60ని 30 చేశాం. దాంతో తీగలో పోయేది 8.9 గిగాబిట్లకు తగ్గి 10.2 లోపలికి వచ్చేసింది. మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది, టైపు చేసిన అక్షరం కాస్త ఆగి కనబడుతుంది, అలాగే ఒకటి రెండు రోజులు ఓర్చుకోమన్నాను. ఇది మందు కాదు, పరీక్ష మాత్రమే. తెర ఒక్కసారీ నల్లబడలేదు. తిరిగి 60కి పెట్టిన పూటే పోయింది. వేగం తగ్గించినా నల్లబడుతుంటే కేబుల్‌ను వదిలి పోర్టునో మానిటర్‌నో పట్టుకోవాల్సి వచ్చేది. అప్పుడు అదే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను ఇంట్లో టీవీకి తగిలించి, జబ్బు ఎవరి వెంట పోతోందో చూడడమే మార్గం.

ఇంకొకటి మిగిలింది. ఒక రోజు రాదు, ఒక రోజు వస్తుంది, ఎందుకు? తెర పోయిన సమయాలను రాసి పెట్టమన్నాను. ఆ కాగితం చూసి మా అక్కే పట్టేసింది: “అది నేను మోటారేసే టైమే కదరా!” బోరు మోటారు స్టార్టర్ ఆ గది గోడకు అవతలే ఉంది. బటన్ నొక్కినా, ఆపినా కాంటాక్టుల దగ్గర చిన్న నిప్పురవ్వ పుడుతుంది. అది పుట్టించే విద్యుత్ అలజడిలో కొంత గాలిలోంచే వచ్చి పక్కనున్న కేబుల్‌లో పడుతుంది. అందుకే యూపీఎస్ పనిచేయలేదు, ఆ అలజడి సాకెట్టు దారిన రావడం లేదు. ఫ్రిజ్జు కంప్రెసర్ ఆన్ అయినప్పుడూ ఇలాంటిదే జరగొచ్చు. నమ్మశక్యం కాకపోయినా, పైకీ కిందికీ లేచే గ్యాస్ కుర్చీలో కూర్చున్నా లేచినా అలాంటి తాకిడే పుట్టి మానిటర్ సంకేతం తప్పుతుందని డిస్‌ప్లేలింక్ సంస్థ తన సహాయ పత్రాల్లోనే రాసింది. మంచి పొర చుట్టిన కేబుల్, చాలినంత వెసులుబాటు ఉంటే ఇవి లెక్కలోకి రావు. అంచు మీద నడిచే కేబుల్‌కు మాత్రం ఆ కాస్త తోపు చాలు.

గ్రాఫిక్స్ సెట్టింగులు ఎప్పుడు చూడాలంటే, చీకటికి సమయం కాక సందర్భం ఉన్నప్పుడు. సినిమా ఫుల్ స్క్రీన్ చేయగానే నల్లబడుతుంటే హెచ్‌డీఆర్ మారుతోందేమో, ఆట తెరవగానే తెర వణుకుతుంటే Variable refresh rate పనిచేస్తోందేమో ఆపి చూడాలి. మోటారుకు ముడిపడిన చీకటికి వాటిని గెలికితే వృథా.

రెండు మీటర్ల ‘ప్రీమియం హై స్పీడ్’ కేబుల్ తెప్పించాం. పెట్టె మీద ఉండే ముద్రను ఫోన్‌తో స్కాన్ చేస్తే అసలుదో కాదో చెబుతుంది, చేసే తీసుకున్నాం. దాన్ని స్టార్టర్ గోడ వైపు కాకుండా బల్లకు రెండో పక్క నుంచి, పవర్ తీగలతో కట్ట కట్టకుండా వేశాం. మానిటర్ 60 మీదే ఉంది, మోటారు వేస్తూనే ఉన్నారు, తెర పోవడం లేదు. పాత కేబుల్ కింద హాల్లో టీవీకి, సెట్‌టాప్ బాక్సుకి మధ్య చేరింది. ఆ బాక్సు పంపేది 1080 బొమ్మే కాబట్టి దానికి అది ధారాళంగా సరిపోతోంది.