అమ్మీ లోరీకి తర్జుమా

మోకిలలో మా అమ్మీ ఇంట్లో ఉర్దూ మాట్లాడినా, లోరీ మాత్రం తెలుగులోనే పాడేది. తనే కట్టుకున్న పాట:

గట్టు మీద వీచె చల్ల గాలీ
పాప కళ్ళ మీద అమ్మ జోలీ

అమెరికాలో పుట్టిన ఆపా కూతురికి తెలుగు రాదు. "నానీ లోరీ నేనూ పాడతా మామూ, ఇంగ్లీషులో రాసివ్వు" అంది.

ఒక్కో లైనులో పది అక్షరాలున్నాయి. నేనూ పది లెక్కపెట్టి రాశా: "సాఫ్ట్‌లీ ఆన్ ద లేక్ ద విండ్ ఈజ్ బ్లోయింగ్." రెండో లైను "ఫ్లోయింగ్"తో ముగించా. లెక్క సరిపోయింది, ఖాఫియా కుదిరింది. పాడి చూస్తే మాత్రం పాడైంది. అమ్మీ ధున్‌లో చివరి "లీ" చాలాసేపు సాగుతుంది. ఇంగ్లీషులో ఆ చోట, నొక్కి పలకని "ఇంగ్" పడింది. దాన్ని సాగదీస్తే ముక్కుతో పాడినట్టుంది.

అందుకే ఒక అక్షరం వదులుకున్నా:

సాఫ్ట్‌లీ ఆన్ ద లేక్ ద కూల్ విండ్స్ బ్లో
మదర్స్ సాంగ్ అక్రాస్ యువర్ ఐస్ విల్ ఫ్లో

ఇప్పుడు తొమ్మిదే. "గాలీ" రెండు స్వరాలనూ "బ్లో" ఒక్కటే మోస్తుంది, నోరు తెరిచే ఉంటుంది. గట్టు పోయి చెరువొచ్చింది, జోల ఉత్త పాటైంది. ఆ అఫ్సోస్ ఉంది. గాలి, కళ్ళు, అమ్మ మాత్రం మిగిలాయి.

అమ్మీకి ఇంగ్లీషు రాదు. ఫోన్లో బచ్చీ "బ్లో" అని సాగదీస్తుంటే, ఇటునుంచి "గాలీ" అని గొంతు కలిపింది. ఇద్దరూ ఒక్కచోటే ఆగారు.