ప్రతీకారము కోరిన ఉత్తరము



“అయ్యగారూ, మనం ఎవరి మీద పగ తీర్చుకోమని పేపరోళ్లకి రాస్తన్నామండీ?”

ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మేము ఒక బెంగాలీ ఉత్తరము చదివి వినిపించుచుండగా మా సంఘపెద్ద ఒకరు లేచి ఈ మాట అడిగారు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. బజారు బెంగాలీ, హిందీ బాగానే మాట్లాడతారు గాని, పుస్తకాల బెంగాలీ ఆయనకు అలవాటు లేదు. ఉత్తరము చివర “ప్రొతికార్” కోరుచున్నాము అని ఉన్నది. ఆయన చెవికి అది మన ప్రతీకారముగానే వినబడినది. అంతకు ముందు వచ్చిన “ఒభిజోగ్” అనే మాటను అభియోగమనుకొని, ఎవరి మీదనో కేసు పెట్టుచున్నామని అప్పటికే భయపడి ఉన్నారు. బెంగాలీలో మొదటిదానికి పరిష్కారమని, రెండవదానికి ఫిర్యాదు అని అర్థము. రెండు భాషలూ సంస్కృతము ఇంటినుండే మాటలు తెచ్చుకున్నాయి గాని, ఎవరింట వారు వేరే పనికి వాడుకున్నారు.

ఇది 2018వ సంవత్సరము వానాకాలపు సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి శ్రీకాకుళము, విశాఖ ప్రాంతముల మనవారు పని కొరకు ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడిన సంగతి మీలో అనేకులకు తెలిసినదే. మీ బంధువులలోనూ ఎవరో ఒకరు అక్కడ ఉండవచ్చును. అప్పుడు మేము సేవచేసిన సంఘము ఖరగ్‌పూర్‌కు కొంత దూరమున, ఒక చిన్న పట్టణము చివర ఉండేది. ఊరి పేరు ఇక్కడ వ్రాయము. పేటను వారు పారా అంటారు. మా పారాలో 40 ఇండ్లు, అందులో సగము తెలుగువారివి.

పారాకు ఒకటే మురుగుకాలువ. 300 అడుగుల పొడవున మా మందిరము ముందునుండి పోయి, పెద్దరోడ్డు క్రింద కల్వర్టులో కలుస్తుంది. గంటసేపు వాన పడితే ఆ నీరు వాకిళ్లలోనికి వచ్చేది. వాన వెలిసిన వారము దాటినా కాలువ నిండుగానే ఉండేది. చెత్తబండి వచ్చే రోజు ఎవరికీ తెలియదు. బండి రాకపోతే సంచులు కల్వర్టు ప్రక్కన పడేవి, గాలికి కాలువలోనికి జారేవి. జూన్ 25వ తేదీన ఒకసారి, జూలై 16వ తేదీన మరొకసారి కార్యాలయములో అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాము. ఎవరూ రాలేదు. జూలై ఆఖరున మా సంఘములోని ఒక తొమ్మిదేండ్ల పాపకు డెంగీ జ్వరము వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నది. బిడ్డ కోలుకున్నది గాని, తల్లి మమ్మును చూచి, “అర్జీలు రాసి ఏటయిందండీ?” అన్నప్పుడు మా దగ్గర జవాబు లేదు.

అప్పుడే మా ఎదురింటి మాస్టారు పత్రికకు వ్రాయమన్నారు. ఆయన బెంగాలీవారు, హైస్కూలులో చదువు చెప్పి రిటైరైనవారు. అందరూ “మాస్టర్‌మొశాయ్” అని పిలిచేవారు. ఆ రాష్ట్రములో పత్రికకు ఉత్తరము వ్రాయడము బడిలోనే నేర్పుతారు. పారా కష్టము గూర్చి సంపాదకునికి ఉత్తరము వ్రాయుమని పరీక్షలో అడుగుతారు. ఆనందబజార్ పత్రికలో ఆ శీర్షిక పేరే “సంపాదక్ సమీపేషు”. అంటే సంపాదకుని సముఖమునకు అని. దాని క్రింద “సబినయ్ నిబేదన్”, అనగా సవినయముగా మనవి. మన పాత ఉత్తరములలో మహారాజశ్రీ ఉన్నట్టు వారికిది.

మేము తెలుగులో ఒక చిత్తు వ్రాసి, హిందీలో దాని అర్థము చెప్పుచూ వినిపించాము. మూడు పేజీలున్నది. అందులో నరకమువంటి దుర్గంధము, నిద్రపోవుచున్న అధికారులు అన్నీ ఉన్నాయి. మాస్టారు ఓపికగా విని, “పాస్టర్ బాబూ, ఇది ప్రసంగానికి పనికివస్తుంది. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో ఇందులో లేదు” అన్నారు. మాకు కొంచెము కోపము వచ్చిన మాట నిజమే.

మరునాడు సంఘములోని తాపీమేస్త్రి తమ్ముడిని పిలిచాము. అతడు తెచ్చినది పది మీటర్ల తెల్లని ప్లాస్టిక్ గొట్టము, ఒక టేపు. గొట్టములో నీరు నింపి రెండు చివరలు పైకెత్తి పట్టుకుంటే, ఎంత దూరమున్నా రెండు చివరల నీరు ఒకే మట్టమున నిలుస్తుంది. ఆ నీటి మట్టమునుండి కాలువ అడుగు వరకు ఇటూ అటూ కొలిస్తే, రెంటికీ ఉన్న తేడాయే వాలు. గొట్టములో ఒక్క గాలిబుడగ ఉన్నా కొలత తప్పు వస్తుంది గనుక, అతడు ప్రతిసారీ వ్రేలితో తట్టి చూచేవాడు. ఇటువంటి ఇటుక కాలువకు 100 అడుగులకు కనీసము 4 అంగుళములు వాలు ఉండాలని అతని లెక్క. తల దగ్గరనుండి మా మందిరము వరకు 200 అడుగులు. అక్కడికి అడుగు 8 అంగుళములు దిగాలి. కొలిస్తే దిగలేదు సరికదా, 2 అంగుళములు పైకి లేచి ఉన్నది.

కారణము మా మందిరము ముందరే ఉన్నది. నాలుగేండ్ల క్రితము, పెండ్లిండ్లకు కార్లు లోపలికి రావడానికి మేమే కాలువ మీద 18 అడుగుల కాంక్రీటు పలక పోయించాము. ఒకటే పలక, ఎక్కడా తెరవడానికి వీలు లేదు. పూడిక తీసే పనివారు ఇటు ప్రక్క వరకు తీసి, పలక దాటి అటు ప్రక్క మొదలుపెట్టేవారు. పలక క్రింద నాలుగేండ్ల మట్టి, పాలప్యాకెట్లు, థర్మోకోల్ ముక్కలు రాయిలా గట్టిపడినాయి. పై ఇండ్లలోనికి నీరు ఎక్కుచుండినది మా పలక వలననే. పాప ఇల్లు కూడ ఆ పైనే ఉన్నది.

సంఘములో రెండు మాటలయ్యాయి. పలక పోయడానికి చందాలిచ్చినవారు కొట్టవద్దన్నారు. కొట్టినా సరే గాని ఉత్తరములో వ్రాయవద్దని మరికొందరు అన్నారు. వారి భయము వట్టిది కాదు. తెలుగువారి ఇండ్లు చాలవరకు కాగితము లేని స్థలములో ఉన్నాయి. మన తప్పు మనమే పేపరులో వేయించుకుంటే, రేపు ఇండ్ల మాట కూడ ఎత్తుతారని వారి బాధ. పేరు, చిరునామా లేని ఉత్తరము పత్రికవారు తీసుకోరు గనుక చివరకు మా పేరు ఒక్కటే పెట్టి, ఇంటి యజమానుల సంతకములు మానుకున్నాము. ఆగస్టు 11వ తేదీ శనివారము పలక పగులగొట్టాము. మట్టి తీసేసరికి అసలు ఇటుక అడుగు కనబడినది. అది తలకన్న 9 అంగుళములు దిగువనే ఉన్నది. కట్టినవారు సరిగానే కట్టారు.

అయినను నీరు పూర్తిగా పోలేదు. మళ్లీ గొట్టము పట్టాము. మందిరమునుండి కల్వర్టు వరకు ఇంకొక 100 అడుగులు. పెద్దరోడ్డు క్రింద ఆ కల్వర్టు అడుగు మా ఇటుక అడుగు కన్న 3 అంగుళములు ఎత్తున ఉన్నది. ఎంత శుభ్రము చేసినా ఆ 3 అంగుళముల నీరు కాలువలో నిలిచే తీరుతుంది. అది మా చేతిలో పని కాదు. పత్రికకు వ్రాయవలసిన సంగతి ఏదో మాకు అప్పుడు తెలిసినది.

మరొక తప్పు కూడ మాస్టారు దిద్దారు. డెంగీ దోమ ఈ మురుగులో పుడుతున్నదని మేము వ్రాశాము. అది నిజము కాదు. మురుగునీటిలో పుట్టేది బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ నిలిచిన తేటనీటిలో గ్రుడ్లు పెడుతుంది. కొబ్బరిచిప్ప, పాత టైరు, పారవేసిన టీకప్పు దానికి చాలు. గ్రుడ్డు దోమగా మారడానికి వారము, పది రోజులు పడుతుంది. కాబట్టి చెత్త వారములోపు పోతే దోమ పుట్టదు, పదిహేను రోజులు ఉంటే పుట్టి ఎగిరిపోతుంది. “తప్పు వ్రాస్తే ఆఫీసులో డాక్టరు ఆ ఒక్క ముక్కనే పట్టుకొని మిగిలినదంతా కొట్టిపారేస్తాడు” అన్నారు మాస్టారు. దోమలు పుట్టే చోటును బెంగాలీలో “మొషార్ ఆంతుర్‌ఘర్” అంటారు, అంటే దోమల పురిటిగది. ఆ మాట ఒక్కటీ అలంకారముగా ఉండనిచ్చారు.

చివరకు ఉత్తరము ఇంత అయినది:

“సవినయముగా మనవి. మా పారా కాలువ పొడవు 300 అడుగులు. దాని మీద మా ప్రార్థనా మందిరము వేసిన పలక నీటికి అడ్డమని కనుగొని, ఆగస్టు 11న మేమే తొలగించాము. అయినను పెద్దరోడ్డు కల్వర్టు అడుగు కాలువ కన్న 3 అంగుళములు ఎత్తుగా ఉన్నందున నీరు నిలిచియున్నది. తీసిన పూడికను గట్టుననే వదలుచున్నారు, వానకు అది తిరిగి కాలువలో పడుచున్నది. జూలైలో చెత్తబండి రెండుసార్లే వచ్చినది. కల్వర్టు ప్రక్కన చెత్తకుప్ప దోమల పురిటిగది అయినది. జూన్ 25న, జూలై 16న అర్జీలిచ్చాము. కల్వర్టు అడుగు దించాలని, పూడిక అదే రోజు ఎత్తాలని, బండి వారమునకొకసారి చెప్పిన రోజున రావాలని కోరుచున్నాము. ప్రతికారము కొరకు ఎదురుచూచుచు, వినీతుడు.”

దీనిని సంఘములో చదివినప్పుడే పెద్దాయన లేచి పైమాట అడిగినది. అర్థము చెప్పిన తరువాత ఆయనే ముందుగా నవ్వారు.

సెప్టెంబరులో ఒక బెంగాలీ దినపత్రికలో అది అచ్చయినది. శీర్షిక వారే పెట్టారు, సగము కోశారు. పోయిన సగములో మా పలక సంగతి కూడ పోయినది. అంత తగవుపడి వ్రాసిన వాక్యము ఎవరూ చదవలేదు! కొందరు ఊపిరి పీల్చుకున్నారు. మాకు మాత్రము అది దొంగతనముగా తోచి, ముక్క కత్తిరించి మందిరము గోడకు అంటించినప్పుడు, పోయిన వాక్యమును ప్రక్కన చేతితో వ్రాసి పెట్టాము.

పది రోజులకు ఓవర్సీరు పత్రిక ముక్క పట్టుకొని వచ్చాడు. అతడు అడిగినది 3 అంగుళములు ఎక్కడ అని. మేస్త్రి తమ్ముడు గొట్టము పట్టి చూపించాడు. కల్వర్టు తవ్వడానికి రోడ్డువారి అనుమతి కావాలన్నాడు. మేము 2020 ఫిబ్రవరిలో బదిలీ అయి వచ్చేనాటికి అది రాలేదు. బండి మాత్రము బుధవారము బుధవారము వచ్చేది, దుర్గాపూజ రోజులలో తప్ప. పూడిక తీసిన రోజునే ట్రాక్టరులో ఎత్తుకొనిపోయేవారు. నీరు వాకిళ్లలోనికి రావడము ఆగినది, కాలువలో ఆ 3 అంగుళములు మిగిలినాయి.

పలక స్థానములో ఇప్పుడు రెండడుగుల ముక్కలు ఉన్నాయి, ఒక్కొక్కదానికి రెండు ఇనుపకడ్డీల పిడులు. నెలకొకసారి పెద్దాయన గునపము తెచ్చి, ఇద్దరు కుర్రవాళ్ల చేత ఒక్కొక్క ముక్క లేపించి, క్రింద చూచి మూయిస్తారు.