మోగని ఫోను

నాన్నకి కొత్త ఫోను కొనిచ్చి మూడు వారాలైంది. "ఒక్కరూ చెయ్యరేంరా" అని ఆయన గోల, "చేస్తే ఎత్తవేం నాన్నా" అని నా గోల. స్పీకరు పోయిందనుకుందామంటే యూట్యూబులో ఘంటసాల పాటలు వీధి చివరిదాకా వినిపిస్తున్నాయాయె!

నిన్న మా అమ్మాయి తెరని పైనుంచి కిందికి లాగింది. చందమామ బొమ్మ వెలుగుతోంది. డు నాట్ డిస్టర్బ్! "పాటల సౌండు వేరు, రింగు సౌండు వేరు తాతయ్యా. ఇది రింగునే ఆపేస్తుంది." టార్చి వెయ్యబోయి పక్కదాన్ని నొక్కేసినట్టున్నారు. లోపల చూస్తే 41 మిస్డ్ కాల్స్. అందులో సగం మా అత్తయ్యవే.

బొమ్మ ఆర్పేసి అక్కడికక్కడే రింగిచ్చింది. మోగింది. ఇప్పుడాయన ఏ ఫోనొచ్చినా కాసేపు మోగనిచ్చి, విని, అప్పుడు ఎత్తుతున్నారు.